చెప్పకుండా వెళ్ళినవారికి చెప్పవలసిన మాట

ప్రశ్న: మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊళ్ళో గుండెపోటుతో పోయి నేటికి 18 రోజులు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. తమ్ముడు అమెరికా నుంచి వచ్చేసరికి రెండో రోజు సాయంత్రమైంది. అంతవరకూ అన్నీ ఊరివాళ్ళే చూసుకున్నారు. నాన్నగారి స్నేహితుడు ఒకరు ఫ్రీజర్ పెట్టెకూ కట్టెలకూ తన డబ్బే ఇచ్చారు. ఎదురింటి పిన్నిగారు రోజూ రాత్రి అమ్మ పక్కనే పడుకున్నారు. పెద్దకర్మ, శుభస్వీకారం అయిపోయాయి. అందరికీ వాట్సాప్‌లో పంపుదామని ఇలా రాశాను: “మా నాన్నగారి అంత్యక్రియలకు, పెద్దకర్మకు విచ్చేసి కార్యక్రమాన్ని విజయవంతం చేసిన బంధుమిత్రులందరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు.” మా పెదనాన్నగారు చూసి, “చావుకు వచ్చినవాళ్ళకు ధన్యవాదాలు చెప్పే ఆచారం మనకు లేదు” అన్నారు. పంపాలా, మానాలా? పంపితే ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, పంపండి. మీ పెదనాన్నగారి మాటను తోసిపుచ్చకుండానే పంపవచ్చు. ఆయన అన్నదానిలో ఉన్న న్యాయాన్ని ముందు చూద్దాం. ఏం రాయకూడదో దానివల్లే తెలుస్తుంది.

పెళ్ళికి పిలిస్తేనే వెళతాం. చావుకు కబురు తెలిస్తే చాలు, పిలుపు కోసం ఎవరూ ఎదురుచూడరు. పిలవకుండా, తమ ఇంటి పనిగా భావించి వచ్చిన మనిషికి “వచ్చినందుకు ధన్యవాదాలు” అంటే, “నువ్వు బయటివాడివి, మా ఇంటికి అతిథిగా వచ్చావు” అన్నట్టు వినిపిస్తుంది. పెద్దవాళ్ళకు గుచ్చుకునేది అదే. వాళ్ళ లెక్కలో పాడె మోసిన భుజం రుణం మాటతో తీరదు. వాళ్ళింట్లో కష్టం వచ్చిన రోజున మనం వెళ్ళి నిలబడితే తీరుతుంది. ఈ లెక్క సరైనదే. అందుకే మీ సందేశం ఆ రుణం తీరిపోయినట్టు ధ్వనించకూడదు.

అయితే మన ఆచారాల్లోనే ఇంకొకటి ఉంది. చావింటి నుంచి ఎవరూ చెప్పి వెళ్ళరు. “వెళ్ళొస్తాం” అనరు. ఇంటివాళ్ళు కూడా “మళ్ళీ రండి” అనరు. దహనం అయ్యాక స్నానం చేసి, ఇంటి దగ్గర వెలిగించిన దీపాన్ని చూసి, ఎవరి దారిన వారు మౌనంగా వెళ్ళిపోతారు. ఎవరు ఎప్పుడు వెళ్ళారో, తిని వెళ్ళారో తినకుండా వెళ్ళారో మీకు తెలియదు. మీరు రాయబోయే నాలుగు వాక్యాలు ఆ రోజు అనకూడక ఆగిపోయిన మాటే అనుకోండి. మైల తీరి, శుభస్వీకారం అయ్యాక ఆ మాట అనడానికి అడ్డేమీ లేదు. మైలలో ఉన్నవారు ఒకరికి నమస్కారం పెట్టరు, పెట్టించుకోరు అని చాలా ఇళ్ళలో పాటిస్తారు కనుక 13వ రోజు దాటేవరకు ఆగడమే మేలు. మీరు ఆగారు. ఇప్పుడిక తొలి మాసికం లోపల పంపేయండి. అంతకుమించి ఆలస్యమైతే, చదివేవారికి అది గుర్తొచ్చి రాసిన మాటగా కాక గుర్తుచేస్తే రాసిన మాటగా కనబడుతుంది.

ఇక మీరు రాసిన వాక్యం సంగతి. అందులో తప్పు మీది కాదు, మనందరి చెవుల్లో ఉన్న సభల భాషది. సభ చివర వందన సమర్పణ చేసే వ్యక్తి ఎలా మాట్లాడతారో ఆ వాక్యం అలా ఉంది. “విచ్చేసి” అనేది శుభకార్యానికి, గౌరవ అతిథికి వాడే మాట. “కార్యక్రమం”, “విజయవంతం” అనే మాటలు అంత్యక్రియల పక్కన నిలబడవు. తండ్రిని సాగనంపడంలో విజయం ఎక్కడుంది? “హాజరు” అని మార్చినా ఆఫీసు పట్టీ గుర్తొస్తుంది. “పేరుపేరునా” అని రాసి ఒక్క పేరూ చెప్పకపోతే, ఆ మాట చదివేవారికి ఎవరికీ చెందకుండా పోతుంది. చివరికి మిగిలిన “హృదయపూర్వక ధన్యవాదాలు” దుకాణం ప్రారంభోత్సవానికి వచ్చినవారికీ చెప్పేదే. ఆ మాటలన్నీ తీసేసి, ఆ రెండు వారాల్లో మీ ఇంట్లో ఏం జరిగిందో అది రాయండి. “వచ్చారు” అనే మామూలు మాట చాలు. “తోడుగా ఉన్నారు”, “మా పక్కన నిలబడ్డారు”, “భుజం పట్టారు” అన్నవి మన ఇళ్ళలో నిజంగా అనుకునే మాటలు.

పేర్లు రాయాలా అన్నది అసలు చిక్కు. మా అమ్మ పోయినప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. పెద్దకర్మ అయిన మర్నాడే, నిద్ర సరిగా లేని కళ్ళతో, సాయం చేసిన 14 మంది పేర్లు వరసగా రాసి బంధువుల గ్రూపులో పెట్టాను. అమ్మకు చివరి స్నానం చేయించి, చీర మార్చి, నుదుట కుంకుమ దిద్దిన ఆవిడ పేరు అందులో లేదు. ఆ పని లోపలి గదిలో, తలుపు మూసి జరిగింది. నేను వీధి అరుగు మీద మగవాళ్ళ మధ్య ఉన్నాను. నా కళ్ళ ముందు తిరిగినవారి పేర్లే నాకు గుర్తొచ్చాయి. ఆవిడ ఏమీ అనలేదు. ఏడాది తర్వాత ఆబ్దికానికి వెళ్ళినప్పుడు మా మేనత్త చెబితే తెలిసింది. అప్పుడు వెళ్ళి ఆవిడ ఎదుట కూర్చున్నాను కాని, ఏడాది పాటు ఆవిడ మనసులో ఉన్నదాన్ని నేను తుడిచేయలేకపోయాను. కాబట్టి అందరూ చూసే సందేశంలో పేర్లు వద్దు. అందులో పనులు చెప్పండి. పేరుతో చెప్పవలసిన మాట ఆ మనిషికి విడిగా, ఒక్కరికే వెళ్ళాలి.

ఎవరేం చేశారో మీకు పూర్తిగా తెలియదు. మీరు ఊరు చేరేలోగానే సగం పనులు జరిగిపోయాయి. అందుకని రాయడానికి ముందు ఒక సాయంత్రం అమ్మగారి దగ్గరో, ఫోనులోనో కూర్చుని, కబురు తెలిసిన క్షణం నుంచి శుభస్వీకారం వరకు రోజుల వరసలో అడుగుతూ ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరును ఎవరు తీసుకొచ్చారు, మీకు ఫోను ఎవరు చేశారు, తెనాలి నుంచి ఫ్రీజర్ పెట్టెను ఎవరు తెచ్చారు, రెండు రాత్రులు దాని పక్కన ఎవరు మేలుకొని కూర్చున్నారు, పాడె ఎవరు కట్టారు, మోసినవారెవరు, మీ ఇంట్లో పొయ్యి వెలగని పూటల్లో అన్నం ఏ ఇంటి నుంచి వచ్చింది, తమ్ముడిని విమానాశ్రయం నుంచి ఎవరు తెచ్చారు, అస్థి సంచయనానికి ఎవరు వెంట వెళ్ళారు, మరణ నమోదు కోసం పంచాయతీ కార్యాలయానికి ఎవరు తిరిగారు. ఆ చివరి పని ఇంకా కాకపోయి ఉంటే ముందు అది చూడండి. మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి, మీకు మూడు రోజులే ఉన్నాయి. ఈ ప్రశ్నలు అమ్మగారిని అడగడం ఆమెను బాధపెడుతుందేమో అనుకోవద్దు. ఆ రోజుల్లో ఏం జరిగిందో వరసగా చెప్పుకోవాలని ఆమెకూ ఉంటుంది, అడిగేవాళ్ళే ఉండరు. లోపలి గదిలో జరిగినవి కూడా ఆమె చెబితేనే మీకు తెలుస్తాయి.

కాగితం తయారయ్యాక సందేశం కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. నాన్నగారి స్నేహితుడు పెట్టిన డబ్బు ఇచ్చేయాలి. డబ్బు ఇవ్వకుండా కృతజ్ఞత చెబితే, ఇక ఆ లెక్క అడగడానికి ఆయనకు నోరు రాదు. అలాగని ఫోనులో అంకె పంపి “చూసుకోండి” అనకండి. తమ్ముడు ఇంకా ఊళ్ళో ఉంటే తనే స్వయంగా వెళ్ళి, “బాబాయ్, పెట్టెకూ కట్టెలకూ ఎంతైందో చెప్పండి, నాన్న ఉంటే ఈ పాటికి ఇచ్చేసేవారు” అనాలి. ఆయన వద్దంటే రెండోసారి అడగండి. రెండోసారీ వద్దంటే అది ఆయన తన స్నేహితుడికి చివరిగా చేసుకున్నదని అర్థం. మూడోసారి అడిగితే ఆయనను నొప్పించినట్టవుతుంది, అక్కడ ఆగిపోండి. అన్ని ఖర్చులూ ఇలా తిరిగి ఇవ్వవలసినవి కావు. అమ్మగారికి పుట్టింటివాళ్ళు పెట్టిన చీర, కర్మ చేసినవారికి అత్తింటివాళ్ళు పెట్టిన బట్టలు వరసను బట్టి వచ్చేవి. వాటికి డబ్బు లెక్క కడితే బంధుత్వాన్ని తెంచుకున్నట్టే. అవి మీరూ వాళ్ళ ఇళ్ళలో వరస వచ్చినప్పుడు పెట్టేవి. శ్మశానంలో కట్టెలు పేర్చినవారికి, డప్పు కొట్టినవారికి ఇవ్వవలసింది పూర్తిగా ముట్టిందా అని కూడా ఒకసారి కనుక్కోండి. ఆ హడావిడిలో సగం ఇచ్చి “తర్వాత చూద్దాం” అని మరిచిపోవడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. వాళ్ళకు వాట్సాప్ సందేశం కన్నా అది ముఖ్యం.

ఇప్పుడు అందరికీ వెళ్ళే సందేశం. మీరు రాసిన దాన్ని పక్కన పెట్టి, మీరు చెప్పిన సంగతులతోనే రాసి చూశాను:

“నమస్కారం. మా నాన్నగారు కార్తీక బహుళ సప్తమి నాడు మమ్మల్ని విడిచి వెళ్ళారు. మేము దూరంలో ఉన్నాం. మేము చేరేలోగా ఆయన పక్కన మేలుకొని కూర్చున్నారు, మా అమ్మను ఒంటరిగా వదల్లేదు, పాడె కట్టి భుజం పట్టారు, మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో అన్నం పంపారు. పనులు మానుకుని దూరాల నుంచి వచ్చారు. రాలేనివారు ఫోను చేసి పలకరించారు. ఆ రోజుల్లో మీతో సరిగా మాట్లాడలేకపోయాం, తిన్నారో లేదో అడగలేకపోయాం. ఏమైనా లోటు జరిగి ఉంటే మనసులో పెట్టుకోకండి. మీరు మా వెంట ఉన్న సంగతి మేము మరిచిపోము. అమ్మ ఊళ్ళోనే ఉంటుంది. అటుగా వెళ్ళినప్పుడు ఒకసారి పలకరించండి.”

తిథి నేను ఉదాహరణకు వేశాను, మీది మీరు వేసుకోండి. తారీఖు కాకుండా తిథి రాయమనడానికి కారణముంది. ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది, వచ్చే ఏడు దగ్గరివాళ్ళు గుర్తుపెట్టుకునేది అదే. తారీఖుతో చేసుకునే ఇళ్ళవారు తారీఖే రాసుకోవచ్చు. “స్వర్గస్థులయ్యారు”, “శివైక్యం చెందారు”, “పరమపదించారు” అనే మాటలు కర్మ కార్డు మీద మీ ఇంటి సంప్రదాయాన్ని బట్టి వేసే ఉంటారు. ఇక్కడ మళ్ళీ అవసరం లేదు, కూతురు రాసే మాటలో “విడిచి వెళ్ళారు” చాలు. “రుణం తీర్చుకోలేము” అని కూడా కావాలనే రాయలేదు. అది అందరూ రాసి రాసి అరిగిపోయింది. “మరిచిపోము” అన్నప్పుడు మీరు ఒక మాట ఇస్తున్నారు, దాన్ని నిలబెట్టుకోగలరు కూడా. తిన్నారో లేదో అడగలేకపోయాం అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. మన ఊళ్ళలో కర్మ రోజున భోజనం దగ్గర ఎవరికో ఒకరికి లోటు జరగకుండా ఉండదు. ఆ మాట ముందే మీరు అంటే, అది పెరగకుండా అక్కడితో పోతుంది.

సందేశంతో పాటు ఫొటో పెట్టాలనిపిస్తే నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నప్పటిది ఒకటి పెట్టండి. అంత్యక్రియల ఫొటోలు, అంతిమయాత్ర వీడియో గ్రూపుల్లోకి వెళ్ళకూడదు. వద్దనుకున్నా అవి చిన్నపిల్లల చేతుల్లోని ఫోనులదాకా చేరతాయి. చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఉంటే ఉండనివ్వండి, పువ్వులూ దీపాల బొమ్మలూ వరసగా వద్దు. ఇంకో సంగతి: ఇదే సందేశాన్ని విడివిడిగా కూడా పంపవద్దు. గ్రూపులో చదివిందే మళ్ళీ తన పేరు మీద వస్తే, తననూ ఆ గుంపులోనే లెక్కపెట్టారని తెలిసిపోతుంది.

విడిగా రాయవలసినవారు మీ కాగితం మీద 10 నుంచి 15 మంది కన్నా ఎక్కువ ఉండరు. ఈ ఉత్తరాలు చిన్నవిగా ఉండాలి, ఒక్కొక్కదానిలో ఆ మనిషి చేసిన ఒక్క పని ఉండాలి. “మీరు చేసిన సహాయానికి” అని రాస్తే ఎంత పెద్ద సహాయమైనా అందులో మునిగిపోతుంది. పాడె కట్టిన కుర్రాళ్ళలో ఒకరికి రాయాలంటే ఇలా ఉండవచ్చు: “తమ్ముడూ, తెల్లవారుజామున మీరు నలుగురూ వెదుర్లు కొట్టి తెచ్చారని అమ్మ చెప్పింది. నాన్నకు మీరంటే ఎంత ఇష్టమో మాకు తెలుసు. మా తమ్ముడు లేని వేళ ఆ చోట మీరు నిలబడ్డారు.” ఇందులో ధన్యవాదాలు అనే మాటే లేదు. మీ పెదనాన్నగారు చూసినా అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే ఇది ఇంటి మనిషితో మాట్లాడినట్టే ఉంది. “అమ్మ చెప్పింది” అన్న ముక్క చూడండి. తను చేసింది ఎవరో గమనించారని, ఇంట్లో దాని గురించి మాట్లాడుకున్నారని ఆ అబ్బాయికి తెలిసేది దానివల్లే. తమ్ముడిని విమానాశ్రయం నుంచి కారులో తెచ్చిన బంధువుకు, మరణ నమోదు పని చూసిన వ్యక్తికి, అపర కర్మలు చేయించిన పురోహితుడికి కూడా ఇలాగే. పురోహితుడికి సంభావన ఇచ్చాం కదా అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ 12 రోజులూ మీ తమ్ముడికి ఓపికగా ఒక్కొక్క పనీ చెప్పి చేయించిన మనిషి ఆయన. ఒక ఫోను చేసి, మాసికాల తిథులు అడుగుతూనే ఆ మాట చెప్పవచ్చు.

వరసలు జాగ్రత్తగా వాడండి. మీ కన్నా పెద్దవాళ్ళకు గారు, అండి తప్పవు. కాని పుట్టినప్పటి నుంచి పిన్నీ, బాబాయ్ అని పిలిచినవాళ్ళకు ఇప్పుడు హఠాత్తుగా “గౌరవనీయులైన” అని మొదలుపెడితే దూరం పెట్టినట్టుంటుంది. నోటితో ఎలా పిలుస్తారో అలాగే రాయండి. ఊళ్ళో ఉన్న వేరే మతంవాళ్ళు చేసిన సాయాన్ని అందరితో పాటే రాయండి. “వేరే మతంవారై ఉండి కూడా” అనే మాట పొగడ్తగా వేసినా వారిని పక్కకు నెడుతుంది. నాన్నగారితో 40 ఏళ్ళు టీ తాగిన మనిషి “ఉండి కూడా” అనిపించుకోవడానికి రాలేదు. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక చివర ఇంటివాళ్ళు లేచి అందరికీ కృతజ్ఞత చెప్పడం మామూలే కనుక, వాళ్ళకు మీ సందేశం కొత్తగా అనిపించదు.

రానివాళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. గ్రూపు సందేశంలో “వచ్చినవారికి” అని మాత్రమే ఉంటే, రాలేకపోయిన వారికి అది ఎత్తిపొడుపుగా కనబడవచ్చు. పురిటి ఇల్లు కావచ్చు, ఆస్పత్రిలో మనిషి ఉండవచ్చు, ఆ ఇంట పెళ్ళి ముహూర్తం పెట్టుకుని మైల ఇంటికి రాకూడదని ఆగి ఉండవచ్చు. అందుకే పై సందేశంలో ఫోను చేసినవారి మాట కూడా వేశాను. ఇంకా దగ్గరివాళ్ళు రాలేదనిపిస్తే వారి పేరు ఎత్తకుండా, నెలలోపు మీరే ఫోను చేసి కుశలం అడగండి. కారణం వాళ్ళే చెబుతారు.

ఎదురింటి పిన్నిగారికి మాత్రం సందేశం వద్దు. రోజూ రాత్రి తన ఇల్లు వదిలి అమ్మ పక్కన చాప వేసుకుని పడుకున్న మనిషికి ఫోను తెర మీద అక్షరాలు చాలవు. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు మీ ఇంట్లో సామాను దింపీ దింపగానే ఎదురింటికి వెళ్ళండి. ఏం మాట్లాడాలా అని వెతుక్కోకండి. “పిన్నీ, రాత్రుళ్ళు అమ్మ నిద్రపోయేదా?” అని అడగండి. ఆ రాత్రుల్లో అమ్మ ఏం మాట్లాడిందో, ఎప్పుడు ఏడ్చిందో, ఏం తిన్నదో ఆవిడకే తెలుసు. ఆవిడ చెబుతుంటే విని, వస్తూ వస్తూ ఇకముందు అమ్మకు ఏ అవసరం వచ్చినా ముందు మీకే ఫోను చేయమని మీ నంబరు, తమ్ముడి నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడ మీద పెట్టి రండి. ఆవిడకు చీర పెట్టాలనుంటే ఇప్పుడు వద్దు, కర్మకు పెట్టిన చీరగా అనిపిస్తుంది. తర్వాత ఏదైనా పండుగకు పెట్టండి.

గ్రూపు సందేశం పంపే ముందు పెదనాన్నగారి దగ్గర కూర్చుని చదివి వినిపించండి. ఆయన పోయిన తమ్ముడికి అన్న, ఈ ఇంటికి ఇప్పుడు పెద్ద. ఏదైనా మాట మార్చమంటే మార్చండి, మీకన్నా ఆ ఊరి మనసు ఆయనకు బాగా తెలుసు. ఒక పేరు, ఒక పని మీ కాగితంలో లేనిది ఆయనకే గుర్తురావచ్చు. కింద సంతకాల్లో అమ్మగారి పేరు, ఆ తర్వాత ఆయన పేరు, ఆపైన మీదీ మీ తమ్ముడిదీ వేయండి. పెట్టేది కూడా ఆయన ఫోను నుంచే అయితే ఇంకా మంచిది.